భూపత్రాలను ఫోనుతో స్పష్టంగా ఫోటో తీసే విధానం

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ హద్దును ఆనుకొని ఉంది. ఆ తాలూకా పల్లెల్లో ఇంటి భాష తెలుగు, కచేరీ కాగితాల భాష కన్నడం. అక్కడి నుండి బతుకుతెరువు కోసం బెంగళూరు వంటి నగరాలకు వచ్చి స్థిరపడినవారు అనేకులు. మనుషులు నగరానికి వచ్చినా భూమి కాగితాలు సాధారణంగా ఊరి ఇంట్లో, పెద్దల పెట్టెలోనే ఉంటాయి. అవసరం వచ్చినప్పుడు ఊరిలో ఉన్నవారు వాటిని ఫోనుతో ఫోటో తీసి పంపుతారు, నగరంలో ఉన్నవారు చదువుకొని తదుపరి పని చూస్తారు. ఆ ఫోటోలో ఒక అంకె చెదిరితే ఏమవుతుందో బలసముద్రం ఉదాహరణతో తెలుసుకోవచ్చు.

బలసముద్రం, తిరుమణి, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో పావగడ సౌర విద్యుత్ పార్కు విస్తరించి ఉంది. 2018 మార్చిలో ప్రారంభమైన ఈ పార్కు పూర్తి సామర్థ్యం 2,050 మెగావాట్లు. దీనికోసం భూమిని కొనలేదు, రైతుల నుండి కౌలుకు తీసుకొన్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు అన్నది ఏర్పాటు. కనుక ఆ గ్రామాల కుటుంబాలకు కౌలు ఒప్పంద పత్రం ఏటా ఆదాయాన్ని నిర్ణయించే కాగితం.

కర్ణాటకలో భూవిస్తీర్ణాన్ని ఎకరాలలోను, గుంటలలోను రాస్తారు. 40 గుంటలు ఒక ఎకరం. పత్రంలో 4-08 అని ఉంటే 4 ఎకరాల 8 గుంటలు అని అర్థం. ఫోటో మసకబారి ఆ 8 కాస్తా 3గా కనిపిస్తే 5 గుంటల తేడా వస్తుంది. తొలి కౌలు లెక్కనే చూచినా ఆ 5 గుంటల విలువ ఏడాదికి 2,625 రూపాయలు. అక్షరాల విషయంలోనూ ఇదే ప్రమాదం. తెలుగులోను, కన్నడంలోను ద, ధ అక్షరాలకు తేడా అడుగున ఉండే చిన్న గీత ఒక్కటే. ఆ గీత ఫోటోలో మాసిపోతే పేరు మారుతుంది. పేరు మారితే వారసత్వ ఖాతా మార్పిడి వంటి పనులలో అభ్యంతరాలు తలెత్తుతాయి.

ఈ వ్యాసంలో ఒకే పత్రాన్ని ఉదాహరణగా తీసుకొందాం. అది లీగల్ సైజు కాగితంపై టైపు చేసిన కౌలు ఒప్పందం. ఏళ్ల తరబడి మడిచి ఉంచినందువల్ల అడ్డంగా మూడు మడతల గుర్తులు పడ్డాయి. చివరి పుటలో సర్వే నంబరు, విస్తీర్ణం ఉన్న పట్టిక, దాని కింద గుండ్రటి ఊదారంగు ముద్ర, పక్కన వేలిముద్ర ఉన్నాయి. ఫోటో తీసే వ్యక్తి బలసముద్రంలో ఉన్న అన్నగారు. చదవవలసిన వ్యక్తి బెంగళూరులో ఉన్న తమ్ముడు.

అక్షరానికి ఎంత చోటు దక్కుతున్నది?

ఫోటో అంటే అడ్డంగా, నిలువుగా పేర్చిన చిన్న చిన్న చుక్కల సముదాయం. వీటినే పిక్సెళ్లు అంటారు. 12 మెగాపిక్సెళ్ల ఫోటోలో పొడవు వైపు 4,000, వెడల్పు వైపు 3,000 చుక్కలు ఉంటాయి. 48 లేదా 50 మెగాపిక్సెళ్ల కెమెరా అని ప్రకటించే ఫోన్లు కూడా మామూలు అమరికలో ఎక్కువగా 12 మెగాపిక్సెళ్ల చిత్రాన్నే భద్రపరుస్తాయి.

లీగల్ సైజు కాగితం పొడవు సుమారు 356 మిల్లీమీటర్లు. కాగితం ఫోటో పొడవులో పదింట తొమ్మిది వంతులు ఆక్రమించేటట్లు తీస్తే దానికి 3,600 చుక్కలు దక్కుతాయి. అంటే మిల్లీమీటరుకు దాదాపు 10 చుక్కలు. ఒక మిల్లీమీటరు ఎత్తున్న వత్తు గాని, ధ అడుగు గీత గాని 10 చుక్కలలో నమోదవుతుంది. అది చదవడానికి చాలు. కాగితాన్ని నేలపై పరచి నిలుచున్న చోటు నుండే ఫోటో తీస్తే కాగితం చిత్రంలో సగం కూడా నిండదు. అప్పుడు అదే గీతకు 5 చుక్కలకు మించి రావు. చేయి కొద్దిగా కదిలితే అవి కూడా కలిసిపోతాయి.

అందువల్ల కాగితం చిత్రాన్ని దాదాపుగా నింపేటట్లు చూడాలి. నాలుగు వైపులా వేలి వెడల్పు ఖాళీ మాత్రం ఉంచాలి. ఆ ఖాళీ లేకపోతే తరువాత అంచులను గుర్తించడం కష్టం. ఎక్కువ ఫోన్లలో లీగల్ సైజు కాగితానికి ఒక అడుగు ఎత్తు సరిపోతుంది. ఏ4 కాగితానికి అంతకన్నా కొంచెం తక్కువ చాలు. కెమెరా తెరపై 1x అని ఉన్న ప్రధాన కటకాన్నే వాడాలి. 0.5x అని ఉన్న వెడల్పు కటకం అంచుల దగ్గర గీతలను వంచి, అక్షరాలను సాగదీస్తుంది. కొన్ని ఫోన్లు కాగితానికి మరీ దగ్గరగా తెచ్చినప్పుడు తమంతట తామే ఆ కటకానికి మారిపోతాయి. తెరపై దృశ్యం ఒక్కసారి ఉలికిపడినట్లు కదిలితే కటకం మారిందని గ్రహించి, ఫోనును కొద్దిగా పైకి ఎత్తాలి.

కాగితాన్ని పరచడం

మడతలున్న కాగితాన్ని ఫోటో తీయడానికి ముందు రోజు రాత్రి రెండు శుభ్రమైన తెల్ల కాగితాల నడుమ ఉంచి, పైన బరువైన పుస్తకాలు పెట్టాలి. ఉదయానికి మడతలు పూర్తిగా పోకపోయినా చాలావరకు అణగుతాయి. ఇస్త్రీ పెట్టె వాడరాదు. వేడికి ముద్రల సిరా, టైపు నలుపు కరిగి అంటుకొనే ప్రమాదం ఉంది. అంచులను అతుకు టేపుతో నేలకు అంటించరాదు. పాత కాగితాన్ని లామినేషన్ చేయించరాదు. లామినేషన్ మెరుపు ఫోటోకు అడ్డంకి, పైగా దానిని తిరిగి విప్పడం సాధ్యం కాదు.

పరిచే చోటు గట్టిగా, సమంగా ఉండాలి. మంచం మీద, దుప్పటి మీద పరిస్తే కాగితం అలలు తిరుగుతుంది. కాగితం కింద ముదురు రంగు ఉంటే దాని అంచులు ఫోనుకు స్పష్టంగా కనిపిస్తాయి. తెల్లటి బండపై తెల్ల కాగితం పెడితే కాగితం ఎక్కడ ముగిసిందో స్కానర్ యాప్ గుర్తించలేదు. పావగడ ప్రాంతపు ఇళ్లలో కనిపించే నల్ల కంబళిని ఒక చెక్కపై ముడతలు లేకుండా బిగించి పరిస్తే ఈ పనికి చక్కగా సరిపోతుంది.

పుటలను దారంతో కుట్టి ఉంటే కుట్టు విప్పకూడదు. తిప్పిన పుటల కట్ట ఒకవైపు ఎత్తుగా ఉండి, తీయవలసిన పుట రెండోవైపు పల్లంగా ఉంటుంది. ఆ పల్లపు వైపున అంతే ఎత్తుగల పుస్తకాన్ని కింద చేర్చితే పుట సమంగా నిలుస్తుంది. ఈ సవరణను చేతితోనే చేసుకోవాలి. ఎందుకో ముందు చెప్పబోయే నాలుగు మూలల దిద్దుబాటులో తెలుస్తుంది.

వెలుతురు ఎటు నుండి రావాలి?

ఫోటోలో నీడ పడడానికి అత్యంత సాధారణమైన కారణం ఫోటో తీసే మనిషే. గది నడుమ వేలాడే దీపం కింద కాగితం పెట్టి దానిపైకి వంగితే తల, చేతులు, ఫోను దీపానికి, కాగితానికి మధ్య వస్తాయి. వాటి నీడ కాగితంపై ఖచ్చితంగా పడుతుంది. దీపం ఎంత ప్రకాశవంతమైతే నీడ అంత ముదురుగా ఉంటుంది. ఫోను ఫ్లాష్ వేసినా మేలు జరగదు. ఫ్లాష్ కటకం పక్కనే ఉంటుంది కాబట్టి కాగితం నడుమ తెల్లటి మచ్చ ఏర్పడి, మూలలు చీకటిగా మిగులుతాయి. ఆ తెల్లటి మచ్చలో అక్షరాలు మాయమైతే వాటిని ఏ యాప్ కూడా తిరిగి తేలేదు.

మంచి వెలుతురు పగటిపూట, నీడపట్టున దొరుకుతుంది. ఊరి ఇంటి వసారాలో నేరుగా ఎండ పడని చోట, ఆకాశం కనిపించే వైపు నుండి వచ్చే వెలుతురు పెద్ద విస్తీర్ణం నుండి వస్తుంది. ఒక చోట అడ్డు తగిలినా మిగతా ఆకాశం నుండి కాంతి అందుతూనే ఉంటుంది కనుక నీడలు పలుచబడతాయి. నేరుగా పడే ఎండ ఇందుకు విరుద్ధం. అందులో ప్రతి మడత, ప్రతి ముడత నల్లటి గీతగా మారుతుంది. వసారాపై నీలిరంగు టార్పాలిన్ గాని, ఆకుపచ్చ వల గాని కట్టి ఉంటే దాని రంగు కాగితానికి పులుముకొంటుంది. ముద్ర అసలు రంగు తెలియాలంటే అటువంటి చోటు విడిచిపెట్టాలి.

కాగితాన్ని ఎలా తిప్పి పెట్టాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. పక్క నుండి వచ్చే వెలుతురు మడతకు అడ్డంగా తగిలితే ఉబ్బెత్తు గీతకు ఒకవైపు మెరుపు, మరోవైపు నీడ ఏర్పడతాయి. అదే వెలుతురు మడత పొడవునా పారితే నీడ దాదాపు పడదు. చాలులో నిలిచిన నీళ్లు చాలు వెంబడి పారినట్లే కాంతి కూడా మడత వెంబడి పారాలి. మన ఉదాహరణ పత్రంలో మడతలు అడ్డంగా ఉన్నాయి. కాబట్టి వెలుతురు కాగితానికి ఎడమ నుండి గాని, కుడి నుండి గాని రావాలి. పై అంచు వైపు నుండి వస్తే మూడు మడతలూ మూడు నల్లటి చారలుగా పడి, వాటిలో ఒకటి విస్తీర్ణం పట్టికపైనే పడవచ్చు. పత్రంలో నిలువు మడత ఉంటే ఈ నియమం తలకిందులవుతుంది.

ఒక వైపు నుండే వెలుతురు వచ్చినప్పుడు రెండో వైపు కొంత మసకగా ఉంటుంది. కిటికీ పక్కన ఈ తేడా మరీ ఎక్కువ. కాగితాన్ని కిటికీకి ఆనించక రెండు మూడు అడుగులు లోపలికి జరిపితే తేడా తగ్గుతుంది. మసక వైపున తెల్లటి పంచెను గాని, తెల్ల అట్టను గాని నిలువుగా పట్టుకొంటే అది కొంత వెలుతురును తిరిగి కాగితంపైకి పంపుతుంది. రాత్రిపూట తప్పనిసరైతే ఒకే రకమైన రెండు దీపాలను కాగితానికి చెరొక పక్కన, సమాన దూరంలో, ఏటవాలుగా వెలుగు పడేటట్లు ఉంచాలి. ఒక దీపం వేసే నీడను మరొకటి పూరిస్తుంది. ఇప్పటికే లామినేషన్ చేసిన కాగితానికి కూడా ఈ పద్ధతే మేలు. పక్కల నుండి ఏటవాలుగా తగిలిన కాంతి ఎదురు పక్కకు జారిపోతుంది, నేరుగా పైనున్న కటకంలోకి రాదు.

ఫోను కాగితానికి సమాంతరంగా ఉండాలి

నీడ పడకూడదని చాలామంది ఫోనును ఏటవాలుగా పట్టుకొంటారు. అప్పుడు దీర్ఘచతురస్రంగా ఉండవలసిన కాగితం పై అంచు కురచగా, కింది అంచు పొడవుగా కనిపిస్తుంది. దగ్గరున్న వస్తువు పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపించడమే దీనికి కారణం. కటకం నుండి కాగితం కింది అంచు 30 సెంటీమీటర్ల దూరంలోను, పై అంచు 45 సెంటీమీటర్ల దూరంలోను ఉందనుకొందాం. పై వరుసలోని అక్షరాల వెడల్పు కింది వరుసలోని వాటిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. ఏటవాలు చూపు వల్ల వాటి ఎత్తు ఇంకా కుదించుకుపోతుంది. ఫోను ఒక దూరానికే సరిగ్గా దృష్టి నిలుపుతుంది కనుక దూరపు వరుసలు మసకబారడం కూడా జరుగుతుంది.

దీనికి విరుగుడు ఫోనును కాగితానికి సమాంతరంగా, నేరుగా పైన పట్టుకోవడం. కెమెరా సెట్టింగులలో గడుల గీతలను చూపే సదుపాయాన్ని తెరవాలి. అనేక ఫోన్లలో ఫోనును నేలవైపు తిప్పినప్పుడు తెర మధ్యన రెండు కూడిక గుర్తులు కనిపిస్తాయి. అవి రెండూ ఒకదానిపై ఒకటి కలిసినప్పుడు ఫోను సమతలంగా ఉన్నట్లు. కాగితం కూడా సమతలమైన చోట ఉంటేనే ఈ గుర్తు పనికివస్తుంది. ఆ సదుపాయం లేని ఫోనులో కాగితం నాలుగు అంచులు తెర నాలుగు అంచులకు సమాంతరంగా ఉన్నాయా, ఎదురెదురు ఖాళీలు సమానంగా ఉన్నాయా అని చూచుకొంటే చాలు.

తల నీడ పడకుండా ఉండాలంటే మనిషి వెలుతురుకు ఎదురుగా అడ్డు నిలవకూడదు. వెలుతురు ఎడమ నుండి వస్తుంటే కాగితం కింది అంచు వైపు కూర్చొని, చేతులు మాత్రమే ముందుకు చాచాలి. మోచేతులను మోకాళ్లపై ఆనించుకొంటే చేయి వణకదు. మీట నొక్కేటప్పుడు ఫోను కదులుతుంది కనుక మూడు సెకన్ల టైమరు పెట్టుకోవడం మంచిది.

నొక్కడానికి ముందు తెరపై కాగితం నడుమ ఉన్న అక్షరాలను వేలితో తాకాలి. ఫోను అక్కడ దృష్టి నిలుపుతుంది. చిత్రమంతా తెల్లటి కాగితమే నిండినప్పుడు ఫోను దానిని అధిక వెలుగుగా భావించి, చిత్రాన్ని బూడిద రంగులోకి తగ్గిస్తుంది. తాకిన చోట కనిపించే సూర్యుని గుర్తును కొద్దిగా పైకి జరిపితే కాగితం తెల్లబడుతుంది. పలుచగా ఉన్న ముద్ర గీతలు చెరిగిపోవడం మొదలైతే వెలుగు మితిమీరినట్లే. ఒక మెట్టు వెనక్కు తగ్గించాలి.

నాలుగు మూలల దిద్దుబాటు

ఎంత జాగ్రత్తగా తీసినా కొద్దిపాటి వాలు మిగులుతుంది. దానిని సరిచేయడానికి స్కానర్ యాప్‌లు ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ డ్రైవ్ యాప్‌లోను, ఐఫోన్‌లో నోట్స్ యాప్‌లోను పత్రాలను స్కాన్ చేసే సదుపాయం ఉంది. వేరే యాప్ దించుకోనక్కర లేదు.

ఇవి చేసే పని సులభంగానే అర్థమవుతుంది. యాప్ మొదట కాగితం నాలుగు మూలలను గుర్తిస్తుంది. ఆ నాలుగు బిందువులు నిజానికి ఒక దీర్ఘచతురస్రపు మూలలని భావించి, వంకర చతుర్భుజాన్ని సాగదీసి దీర్ఘచతురస్రంగా మారుస్తుంది. లోపలి అక్షరాలు కూడా దానితోపాటే సాగి నిటారుగా నిలుస్తాయి. కనుక మూలలను సరిగ్గా గుర్తించడమే ఇందులో కీలకం. ముదురు రంగు నేలపై యాప్ తనంతట తానే మూలలను పట్టుకొంటుంది. మూల చిరిగి ఉన్నా, మడిచి ఉన్నా పొరపడుతుంది. అప్పుడు కత్తిరింపు గుర్తును తాకి, నాలుగు గుండ్రాలను వేలితో జరిపి సరైన చోట పెట్టాలి. చిరిగిన మూల విషయంలో రెండు అంచులను మనసులో పొడిగించి, అవి కలిసే చోట గుండ్రాన్ని ఉంచాలి. చిరుగు మొదలైన చోట ఉంచితే పుటంతా ఆ వైపుకు వంగుతుంది.

ఈ దిద్దుబాటుకు మూడు హద్దులున్నాయి. మొదటిది, సాగదీయడం వల్ల కొత్త వివరం పుట్టదు. ఏటవాలు ఫోటోలో 6 చుక్కలే దక్కిన గీత దిద్దుబాటు తరువాత పెద్దదవుతుంది గాని స్పష్టం కాదు. పై వరుసలు మసకగా, కింది వరుసలు పదునుగా కనిపిస్తే ఫోటో వాలుగా తీసినట్లు. దిద్దుబాటు మానుకొని ఫోటోనే మళ్లీ తీయాలి. రెండవది, యాప్ కాగితాన్ని చదునైన పలకగా భావిస్తుంది. అలలు తిరిగిన కాగితానికి నాలుగు మూలలు సరిపోయినా మధ్య వరుసలు విల్లులా వంగే ఉంటాయి. కుట్టిన పుట కింద పుస్తకం చేర్చమని చెప్పింది ఇందుకే. మూడవది, నిష్పత్తి. కొన్ని యాప్‌లు పుట కొలతను ఏ4గా అనుకొంటాయి. లీగల్ సైజు పత్రాన్ని అందులో ఇరికిస్తే అక్షరాలు పొట్టిగా, లావుగా మారతాయి. పుట కొలతను ఎంచుకొనే వీలుంటే లీగల్ అని ఎంచుకోవాలి. గుండ్రటి ముద్ర కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే నిష్పత్తి చెడినట్లే.

నీడను తొలగించే ప్రక్రియ, దాని హద్దులు

స్కానర్ యాప్‌లలో నీడ తొలగింపు వెనుక ఒక చిన్న లెక్క ఉంది. వెలుగును 0 నుండి 255 వరకు అంకెలతో కొలుద్దాం. మంచి వెలుతురులో కాగితం 200, సిరా 40 ఉన్నాయనుకొందాం. నీడ పడిన చోట వెలుతురు సగమైతే కాగితం 100, సిరా 20 అవుతాయి. రెండు చోట్లా సిరా వెలుగు కాగితపు వెలుగులో ఐదో వంతే. యాప్ ప్రతి చోటా చుట్టుపక్కల కాగితం ఎంత వెలుగుగా ఉందో అంచనా వేసి, ఆ అంకెతో భాగిస్తుంది. దానితో నీడలోని కాగితం, ఎండలోని కాగితం ఒకే తెలుపుకు వస్తాయి, అక్షరాలు ఒకే నలుపుకు వస్తాయి.

ఈ లెక్కను బట్టే దాని హద్దులు కూడా తెలుస్తాయి. నీడ పలుచగా, అంచులు మెత్తగా ఉన్నప్పుడు ఫలితం చక్కగా ఉంటుంది. నీడ మరీ ముదిరి కాగితం 30కి, సిరా 6కు పడిపోతే వాటి మధ్య తేడా చిత్రంలోని గరుకుదనంలో కలిసిపోతుంది. దానిని వెలిగిస్తే అక్షరాలతోపాటు మచ్చలు కూడా పెరుగుతాయి. నీడ అంచు కత్తిరించినట్లుగా ఉంటే యాప్ ఆ అంచును గీతగా భావించి అలాగే ఉంచుతుంది. చేతి నీడ అంచు సరిగ్గా అంకెపై పడినప్పుడు 3 కాస్తా 8గా మారేది ఇలాగే.

ఇంకొక ప్రమాదం ముద్రలకు సంబంధించినది. పలుచని ఊదారంగు ముద్ర విశాలంగా పరచుకొని ఉంటే యాప్ దానిని నీడగా పొరబడి తుడిచివేయవచ్చు. నలుపు-తెలుపు ఫిల్టరులో ఈ నష్టం మరీ ఎక్కువ. ఆ ఫిల్టరు ఒక హద్దు పెట్టుకొని, దానికన్నా చీకటిగా ఉన్నదంతా నలుపు, మిగతాదంతా తెలుపు అని నిర్ణయిస్తుంది. టైపు అక్షరాలు పదునుగా వస్తాయి గాని వేలిముద్రలోని సన్నని గీతలు ముద్దగా నల్లబడతాయి, పెన్సిలు అంకెలు మాయమవుతాయి. మన ఉదాహరణలో చివరి పుటను రంగులలోనే భద్రపరచాలి. ముద్ర, సంతకం లేని లోపలి పుటలకు నీడ తొలగించిన ఫిల్టరు వాడినా నష్టం లేదు. ఏ పుటకైనా ఫిల్టరు వేయని అసలు ఫోటోను కూడా దాచుకోవాలి. దిద్దిన ఫోటోలో సందేహం వచ్చినప్పుడు సరిచూచుకోవడానికి అది ఒక్కటే ఆధారం.

పంపేటప్పుడు జరిగే నష్టం

చక్కగా తీసిన ఫోటో కూడా పంపే దారిలో చెడవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది చిత్రాన్ని కుదిస్తుంది. పొడవు వైపు 4,000 చుక్కలున్న ఫోటో సాధారణంగా సుమారు 1,600 చుక్కలకు తగ్గుతుంది. మొదట మిల్లీమీటరుకు 10 చుక్కలున్న మన పత్రానికి ఇప్పుడు 4 మాత్రమే మిగులుతాయి. 4-08లోని 8 తెర మీద చూడడానికి బాగానే ఉన్నట్లు కనిపించినా పెద్దది చేసి చూస్తే చెదురుతుంది. కాబట్టి జోడింపు గుర్తును తాకి, Document అనే ఎంపిక ద్వారా ఫోటోను పంపాలి. అప్పుడు చిత్రం కుదింపు లేకుండా చేరుతుంది. స్కానర్ యాప్ తయారుచేసిన పీడీఎఫ్‌ను కూడా ఈ విధంగానే పంపవచ్చు.

ప్రభుత్వ పోర్టళ్లు ఫైలు పరిమాణానికి హద్దు పెడతాయి. ఆ హద్దుకు కుదించవలసి వస్తే ముందు అనవసరపు అంచులను కత్తిరించి, తరువాత రంగు అవసరం లేని పుటలను బూడిద రంగులోకి మార్చి, చివరగా మాత్రమే కొలత తగ్గించాలి. కుదించిన ఫైలును పోర్టలుకు ఇచ్చి, పెద్ద ఫైలును తమ దగ్గర ఉంచుకోవాలి.

కాగితాన్ని తిరిగి పెట్టెలో పెట్టే ముందు

ఫోటో బాగా వచ్చిందో లేదో ఫోను తెరపై చిన్నగా చూస్తే తెలియదు. ఊరిలో కాగితం ఇంకా పరచి ఉండగానే ఫోటోను పెద్దది చేసి ఐదు చోట్ల చూడాలి. నాలుగు మూలల దగ్గరి అక్షరాలు, నడుమ విస్తీర్ణం పట్టికలోని అంకెలు. ప్రతి చోటా వత్తులు, అంకెలలోని సందులు విడివిడిగా కనిపించాలి. ఆ తరువాత నగరంలో ఉన్న తమ్ముడు తనకు చేరిన ఫైలును చూచి సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు ఫోనులో బిగ్గరగా చదవాలి. "అన్నా, నాలుగు ఎకరాల ఎనిమిది గుంటలు, సరేనా?" అని అడిగినప్పుడు అన్నగారు ఫోటోను కాక ఎదురుగా ఉన్న కాగితాన్ని చూచి జవాబివ్వాలి. ఒకటి తప్పినా ఆ పుటను అప్పుడే మళ్లీ తీయాలి.

అన్ని కాగితాలకూ ఇంత శ్రమ అవసరం లేదు. నేటి పహణి కావాలంటే పాతదానిని ఫోటో తీయనక్కర లేదు. కర్ణాటకలో పహణీలు భూమి అనే కంప్యూటరు వ్యవస్థలో ఉన్నాయి, కొత్త ప్రతిని అందులో నుండే పొందవచ్చు. రిజిస్టరైన పత్రానికి అధికారిక నకలు కావలసినప్పుడు ఉపనోందణి కార్యాలయమే ఇవ్వాలి. ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా అది ధ్రువీకరించిన నకలు కాదు. ఇంట్లో ఒకే ప్రతి ఉండి, వేరెక్కడా దొరకని కాగితాలకు మాత్రం ఈ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. చేతిరాత పాత పహణీలు, అన్నదమ్ముల మధ్య రాసుకొన్న భాగాల పత్రాలు, పాత కందాయం రసీదులు ఆ కోవలోనివి. వాటి సిరా ఏటేటా వెలిసిపోతుంది. వెలిసిన సిరాను ఫోటో తిరిగి తేలేదు, ఇప్పుడు కనిపిస్తున్నంత మాత్రమే నిలుపగలదు.